గల్ఫ్‌కు పోవడానికి అప్పు చేసే ముందు: ఏజెంటు లెక్క, మిత్తి లెక్క

మీ ఇంట్లో ఎవరైనా దుబాయి, సౌదీ, ఖతార్, కువైట్ లాంటి దేశాలకు పనికి పోదామనుకుంటున్నారా? ఏజెంటుకు కట్టడానికి అప్పు తెచ్చే ఆలోచనలో ఉన్నారా? అయితే డబ్బు చేతులు మారకముందే ఇది చదవండి. చదవడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు చదివి వినిపించండి. ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసేది చాలాసార్లు వాళ్లే.

పోవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ వైపు ఏ ఊరికి వెళ్లినా గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇల్లు, చేసిన పెళ్లి, తీర్చిన బోరుబావి బాకీ కనిపిస్తాయి. కడప జిల్లా నుంచి కువైట్‌కు, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయేవాళ్లు కూడా అంతే. దుబాయి పోయి బాగుపడినవాళ్లు ఉన్నారు, దివాళా తీసినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మధ్య తేడా చాలాసార్లు అక్కడ చేసిన కష్టంలో ఉండదు. ఇక్కడ బయలుదేరే ముందు ఎంత అప్పు చేశారు, ఏ వీసా మీద పోయారు అన్న దగ్గరే ఉంటుంది.

ప్రజావాణికి వచ్చిన ఒక తల్లీకొడుకు

ఒక సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంటే ఒక తల్లి, ఆమె కొడుకు దరఖాస్తు పట్టుకుని వచ్చారు. వాళ్ల పేరు, ఊరు ఇక్కడ రాయడం లేదు. కొడుకుకు పాతికేళ్లు ఉంటాయి, తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. దుబాయిలో కంపెనీ వీసా, హెల్పర్ పని, నెలకు 1,500 దిర్హాములు, తిండి, రూము కంపెనీదే అని ఏజెంటు చెప్పాడట. అడిగింది 1,20,000 రూపాయలు. మొదట 20,000 అడ్వాన్సు, వీసా కాగితం వాట్సాప్‌లో వచ్చిన రోజు మిగిలిన లక్ష. మొత్తం నగదే. ఆ డబ్బు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చారు.

"ఏజెంటు ఎవరమ్మా?" అని అడిగాను.

"మా ఊరోడే మేడమ్. మా చిన్నమ్మ వాళ్లకు అల్లుడు వరస అయితడు. గందుకే నమ్మినం" అంది ఆమె.

షార్జాలో దిగాక కంపెనీ లేదు. వేరే మనిషి వచ్చి ఒక రూముకు తీసుకుపోయాడు. అందులో అప్పటికే పది మంది ఉన్నారు. వాట్సాప్‌లో వచ్చిన కాగితం 60 రోజుల విజిట్ వీసా అని అక్కడ ఉన్న ఒక నేపాల్ అబ్బాయి చదివి చెప్పాడట. "కంపెనీ వీసాగా మారుస్తాం, ఆగు" అంటూ రోజుకూలీ పనికి పంపారు. కొన్ని రోజులు డబ్బు ఇచ్చారు, కొన్ని రోజులు ఇవ్వలేదు. 60 రోజులు అయిపోయాయి. ఆ తర్వాత ఇంకో 30 రోజులు దాక్కుని ఉన్నాడు. యూఏఈలో వీసా గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హాముల జరిమానా. 30 రోజులకు 1,500 దిర్హాములు, అంటే సుమారు 33,000 రూపాయలు. టికెట్టుకు ఇంకో 12,000. ఆ 45,000 కూడా తల్లి అప్పు చేసే పంపింది.

ఒక్కసారి కూడండి. 1,20,000కు 45,000 కలిపితే 1,65,000. మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 4,950 రూపాయలు. కొడుకు ఊళ్లోనే ఉన్నాడు, జీతం లేదు, మిత్తి మాత్రం నడుస్తోంది. ఏజెంటును అడిగితే ఒకటే జవాబు: "నేను పంపిన. నువ్వే ఉండలేక వచ్చినవ్."

వాళ్ల చేతిలో డబ్బు ఇచ్చినట్టు ఒక్క కాగితం లేదు. కానీ అప్పు ఇచ్చినాయన చేతిలో తల్లి వేలిముద్ర వేసిన నోటు ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

ఉద్యోగం నిజమే అయినా ఏమవుతుంది?

ఇది విన్నవాళ్లు "ఆ ఏజెంటు దొంగ కాబట్టి అట్ల అయింది, మా ఏజెంటు మంచోడు" అంటారు. సరే, మీ ఏజెంటు మంచివాడే అనుకుందాం. నిజంగా కంపెనీ వీసానే వచ్చింది, పని కూడా దొరికింది అనుకుందాం. అప్పుడు అప్పు ఎన్నాళ్లకు తీరుతుంది?

1,500 అని చెప్పిన జీతం అక్కడికి పోయాక 900 కావడం కొత్త సంగతి కాదు, కాబట్టి 900 దిర్హాములతోనే లెక్క వేద్దాం. దిర్హాముకు 22 రూపాయలు అనుకుందాం. రేటు మారుతుంటుంది, లెక్క పద్ధతి మారదు. తిండి సొంతం అయితే ఎంత పొదుపుగా వండుకున్నా 300 దిర్హాములు పోతాయి. ఫోన్ రీచార్జి, సబ్బు, మందులు, క్షవరం ఇంకో 50. మిగిలేది 550 దిర్హాములు, అంటే 12,100 రూపాయలు. నెలకు 12,000 ఇంటికి పంపాడనుకోండి. ఇంట్లో పిల్లలు, ముసలివాళ్ల ఖర్చుకు కనీసం 5,000 తీస్తే అప్పుకు 7,000 మిగులుతుంది.

1,20,000 అప్పుకు మొదటి నెల మిత్తి 3,600. అంటే కట్టే 7,000లో సగానికి పైగా మిత్తికే పోతుంది, అసలు తగ్గేది 3,400 మాత్రమే. నెల నెలా అసలు కొంచెం తగ్గుతూ, మిత్తి కొంచెం తగ్గుతూ పోతే ఈ అప్పు తీరడానికి 24 నెలలు దాటుతుంది. యూఏఈ కంపెనీ వీసా మామూలుగా రెండేళ్లే. అంటే రెండేళ్లు ఇల్లు విడిచి, ఎండలో పనిచేసి, అప్పు తీర్చి సున్నా దగ్గరికి వస్తారు. మధ్యలో ఒక్క నెల జ్వరం వచ్చినా, జీతం ఆలస్యమైనా, ఇంట్లో ఆస్పత్రి ఖర్చు వచ్చినా సున్నా దగ్గరికి కూడా రారు.

మొదటి మూడు నెలలు డబ్బు పంపలేకపోతే చూడండి. ఇది చాలా ఇళ్లలో జరిగేదే, ఎందుకంటే మొదటి జీతం రావడానికే సమయం పడుతుంది. మూడు నెలల మిత్తి 10,800 అసలులో కలిసి బాకీ 1,30,800 అవుతుంది. అక్కడి నుంచి నెలకు 7,000 కడితే ఇంకో 28 నెలలు. మొత్తం 31 నెలలు. వీసా 24 నెలలే.

ఇంకో మాట. పైన వేసిన లెక్కలో అప్పు ఇచ్చినాయన నెల నెలా అసలులో కొంత తీసుకుంటాడని అనుకున్నాం. మన ఊళ్లలో చాలామంది అట్లా తీసుకోరు. "అసలు ఒకేసారి ఇయ్యి, అప్పటిదాక మిత్తి కట్టు" అంటారు. అప్పుడు మీరు ఎన్ని నెలలు కట్టినా 3,600 అలాగే ఉంటుంది, రెండేళ్లకు మిత్తి ఒక్కటే 86,400. అందుకే అప్పు తీసుకునే రోజే అసలు ముక్కలు ముక్కలుగా తీసుకుంటారా అని అడగండి. తీసుకుంటానంటే ఆ మాట నోటు వెనక రాయించండి. కట్టిన ప్రతిసారీ తేదీతో, సంతకంతో రాయించండి.

చట్టం ప్రకారం ఏజెంటుకు ఎంత ఇవ్వాలి?

విదేశాలకు పనివాళ్లను పంపాలంటే కేంద్ర విదేశాంగ శాఖ కింద పనిచేసే ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర లైసెన్సు ఉండాలి. ఇది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా ఇష్టం వచ్చినంత తీసుకోకూడదు. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు దాటకూడదు. దాని మీద 18 శాతం జీఎస్టీ 5,400. మొత్తం 35,400. ఇంతే. తీసుకున్న డబ్బుకు రశీదు ఇవ్వాలి.

పాస్‌పోర్టు, మెడికల్ టెస్టు, బీమా వంటి ఖర్చులు వేరే ఉంటాయి. ఇవన్నీ కలిపి మీకు అప్పు 40,000 అవసరమైంది అనుకుందాం. అదే మూడు రూపాయల మిత్తి, అదే 900 దిర్హాముల జీతం, నెలకు అదే 7,000 కడితే ఏడు నెలల్లోపే తీరిపోతుంది. మిగిలిన పదిహేడు నెలల సంపాదన మీది. మనిషి అదే, కంపెనీ అదే, ఎండ అదే. ఏజెంటుకు కట్టింది ఒక్కటే మారింది.

మరి 35,400 చోట లక్షా ఇరవై వేలు ఎందుకు అవుతున్నాయి? ఊళ్లో మీతో మాట్లాడే మనిషికి చాలాసార్లు లైసెన్సు ఉండదు. అతను సబ్ ఏజెంటు. అతను పట్నంలో ఇంకొకరికి ఇస్తాడు, ఆయన ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఆఫీసుకు ఇస్తాడు, కొన్నిసార్లు అక్కడ గల్ఫ్‌లో ఉన్న మనిషి వీసాను అమ్ముతాడు. ప్రతి చేతికీ కొంత అంటుతుంది. సబ్ ఏజెంట్లను పెట్టుకోవడానికి చట్టంలో అనుమతి లేదు. "పెద్ద ఏజెన్సీకి లైసెన్సు ఉంది, నేను వాళ్ల మనిషిని" అని చెప్తే, ఆ పెద్ద ఏజెన్సీకే ఫోన్ చేసి, ఆ ఆఫీసుకే వెళ్లి, ఆ ఏజెన్సీ బ్యాంకు ఖాతాలోనే డబ్బు వేస్తానని చెప్పండి. నిజంగా వాళ్ల మనిషైతే అభ్యంతరం ఉండకూడదు. ముఖం మాడ్చుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

"ఆజాద్ వీసా" గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మనవాళ్లు దీన్ని పెద్ద అదృష్టం అనుకుంటారు: ఏ కంపెనీ కిందా ఉండక్కర్లేదు, ఎక్కడైనా పని చేసుకోవచ్చు అని. గల్ఫ్ దేశాల చట్టాల్లో ఆజాద్ వీసా అనే వీసా లేదు. ఎవరో ఒకరి పేరు మీద తీసిన మామూలు వీసానే అది. ఆ యజమాని దగ్గర పని ఉండదు, ఏటా అతనికి డబ్బు కడుతూ బయట ఎక్కడో పని చేస్తారు. దొరికితే చట్టం ముందు పారిపోయిన పనివాడి కింద లెక్క. దానికోసం రెండు లక్షలు అప్పు చేసి పోయినవాళ్లు కూడా మా దగ్గరికి వచ్చారు.

లైసెన్సు ఎలా చూడాలి?

ఫోన్‌లో emigrate.gov.in తెరవండి. ఇది కేంద్ర ప్రభుత్వ సైటు. అందులో లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. ఏజెంటు ఇచ్చిన కార్డు మీద ఉన్న పేరు, ఆర్‌సీ నంబర్ అందులో ఉన్నాయా, లైసెన్సు ఇప్పుడు నడుస్తోందా, గడువు ముగిసిందా, సస్పెండ్ అయిందా చూడండి. ఇంగ్లిష్ చదవడం కష్టమైతే మీ సేవ కేంద్రంలోనో, ఊళ్లో డిగ్రీ చదివే పిల్లల చేతనో చూపించుకోండి. పది నిమిషాల పని.

ఇక్కడ ఒక మోసం జరుగుతుంది. లైసెన్సు ఉన్న ఏజెన్సీ పేరును, నంబరును కార్డు మీద వేసుకుని వేరేవాళ్లు తిరుగుతుంటారు. కాబట్టి పేరు దొరికితే సరిపోదు. సైటులో ఉన్న చిరునామా, ఫోన్ నంబర్ చూసి ఆ నంబర్‌కే ఫోన్ చేయండి, కార్డు మీద ఉన్న నంబర్‌కు కాదు. "ఫలానా కంపెనీకి, ఫలానా పనికి మీరు మనుషులను తీసుకుంటున్నారా?" అని అడగండి.

ప్రైవేటు ఏజెంట్లు వద్దనుకుంటే రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు కూడా లైసెన్సుతో మనుషులను పంపుతున్నాయి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్. వాటిలో అన్ని రకాల పనులూ ఎప్పుడూ ఉండవు, వరస కోసం ఆగాల్సి రావచ్చు. ఆ ఆగడం చాలామందికి నచ్చదు, నాకు తెలుసు. కానీ నెలకు 3,600 మిత్తి కట్టడం కంటే నెల రోజులు ఆగడం చవక.

విజిట్ వీసా అని ఎలా గుర్తుపట్టాలి?

పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టులో మామూలుగా ఈసీఆర్ అని ఉంటుంది. అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి అని అర్థం. యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, ఇరాక్, మలేషియాతో కలిపి మొత్తం 18 దేశాలకు పనికి పోవాలంటే ఈ క్లియరెన్స్ తప్పనిసరి. దీన్ని చాలామంది అడ్డంకి అనుకుంటారు, ఏజెంట్లు కూడా "అది పెద్ద తలనొప్పి, నేను సెట్ చేస్తా" అంటారు. నిజానికి అదే మీకు రక్ష. క్లియరెన్స్ ఇచ్చే ముందు యజమాని ఎవరు, జీతం ఎంత, కాంట్రాక్టు ఏమిటి అన్నది అధికారులు చూస్తారు. ఆ వివరాలు ప్రభుత్వం దగ్గర రికార్డులో ఉంటాయి. రేపు అక్కడ జీతం తగ్గిస్తే చూపించడానికి మీకు ఒక కాగితం ఉంటుంది.

క్లియరెన్స్‌తో పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. విజిట్ వీసా మీద పోయినవారికి ఈ బీమా ఉండదు. పైనుంచి పడి కాలు విరిగితే ఆ ఖర్చు మళ్లీ అప్పే.

విజిట్ వీసా మీద పంపేవాడు మీతో ఒక మాట తప్పకుండా అంటాడు: "ఎయిర్‌పోర్టుల అడిగితే చుట్టాలను చూడనీకి పోతున్న అని చెప్పు." ఎందుకు అబద్ధం చెప్పిస్తున్నాడు? పనికే పంపుతుంటే పనికే పోతున్నానని చెప్పవచ్చు కదా. ఈ ఒక్క మాట వినపడిందంటే డబ్బు ఇవ్వకండి, ఇచ్చి ఉంటే బయలుదేరకండి. "అక్కడికి పోయినంక మారుస్తం" అన్న మాట కూడా దీని తోబుట్టువే. అక్కడ మార్చడం అన్నది యజమాని దొరికితే జరిగే పని, ఏజెంటు చేతిలో ఉన్న పని కాదు.

వీసా కాగితం రాగానే దాని మీద వీసా రకం ఏమని ఉందో చదివించండి. విజిట్ అనో టూరిస్టు అనో ఉంటే అది పని చేసుకునే వీసా కాదు. యూఏఈలో పనికి అయితే వీసాకు ముందు ఆ దేశ కార్మిక శాఖ ఫార్మాట్‌లో ఆఫర్ లెటర్ వస్తుంది. అందులో జీతం, పని, సెలవులు రాసి ఉంటాయి. దాన్ని హిందీలో, ఉర్దూలో కూడా ఇచ్చే ఏర్పాటు ఉంది, అడగండి. అర్థం కాకుండా సంతకం పెట్టకండి. మొబైల్‌లో ఫొటో తీసి ఇంట్లో ఒకరికి, స్నేహితుడికి ఒకరికి పంపి పెట్టండి.

పది పాసైన పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. వాళ్లకు ఈ క్లియరెన్స్ అవసరం ఉండదు. అంటే ప్రభుత్వం చూసే ఒక మెట్టు వాళ్ల విషయంలో లేదు. చదువుకున్నవాడు కదా మోసపోడు అనుకుంటాం. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం అని పోయి కంబోడియాలో సైబర్ మోసాల కేంద్రాల్లో చిక్కుకున్నవాళ్లలో మన తెలుగు పిల్లలు కూడా ఉన్నారు. 2024లో విశాఖ పోలీసులు అలాంటి కేసులు బయటపెట్టారు. ఇంగ్లిష్ వచ్చినంత మాత్రాన, కంప్యూటర్ వచ్చినంత మాత్రాన లైసెన్సు చూడటం మానేయకండి.

రెండు కాగితాల సంగతి

ఇప్పుడు ఆ తల్లి వేలిముద్ర దగ్గరికి వద్దాం. మీరు ఒకే రోజు రెండు లావాదేవీలు చేస్తున్నారు. ఒకటి, అప్పు తెచ్చుకోవడం. రెండు, ఆ డబ్బు ఏజెంటుకు ఇవ్వడం. మొదటిదానికి ప్రామిసరీ నోటు, ఇద్దరు సాక్షులు, కొన్నిసార్లు ఖాళీ చెక్కు, పట్టా పాస్‌బుక్కు, పుస్తెలతాడు. రెండోదానికి ఏమీ లేదు, నమ్మకం ఒక్కటే. రేపు గొడవైతే అప్పు ఇచ్చినాయన కోర్టుకు నోటు తీసుకుపోతాడు. మీరు ఏం తీసుకుపోతారు?

అప్పు ఇచ్చినాయన తప్పు చేస్తున్నాడని అనడం లేదు. ఆయన తన డబ్బుకు ఎంత జాగ్రత్త పడ్డాడో, మీరూ మీ డబ్బుకు అంతే జాగ్రత్త పడండి. ఏజెంటుకు నగదు ఇవ్వకండి. ఏజెన్సీ పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే వేయండి. ఏజెంటు భార్య ఖాతా, బావమరిది ఫోన్‌పే నంబర్ ఇస్తే వద్దనండి. మొత్తం ఒకేసారి ఇవ్వకండి. "నాకు అంత నమ్మకం లేదా అన్నా?" అని ఏజెంటు నొచ్చుకుంటే, "నమ్మకం ఉంది తమ్ముడూ, అప్పిచ్చినాయన కాగితం అడుగుతున్నడు" అని చెప్పండి. అందులో అబద్ధం కూడా లేదు.

ఖాళీ చెక్కు, ఖాళీ నోటు మీద సంతకం మాత్రం ఎవరికీ పెట్టకండి. నోటు మీద అంకె, అక్షరాల్లో మొత్తం, మిత్తి రేటు, తేదీ నింపాకే సంతకం. ఆ నింపిన నోటును ఫొటో తీసుకోండి.

కొన్ని ఊళ్లలో ఏజెంటే అప్పు ఇప్పిస్తాడు. "డబ్బు గురించి ఫికర్ వద్దు, మా వాడు ఇస్తడు" అంటాడు. ఇది సాయంలా కనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే, మీ చేతికి డబ్బే రాదు: అటు నుంచి ఇటు ఏజెంటుకే పోతుంది, నోటు మీద సంతకం మాత్రం మీది. వీసా రాకపోయినా మిత్తి మొదలవుతుంది. అప్పు, వీసా రెండూ ఒకే చోట దొరుకుతున్నాయంటే ఆ చోటు నుంచి లేచి రండి.

మహిళా సంఘంలో ఉన్న కుటుంబాలకు రూపాయి లోపు, రూపాయి దగ్గర మిత్తికి అప్పు దొరికే వీలుంటుంది. మూడు రూపాయలకంటే అది ఎంతో నయం. కానీ సంఘం అప్పు ఒక్కరిది కాదు, పది మంది బాధ్యత. కిస్తీ ఆగితే తోటి అక్కచెల్లెళ్ల ముందు తల వంచుకోవాల్సింది ఇక్కడ ఉన్న భార్యో, తల్లో. కాబట్టి అది తీసుకున్నా 35,400 లెక్క దాటకుండానే తీసుకోండి.

ఇప్పటికే డబ్బు ఇచ్చేసి ఉంటే

ఇంకా బయలుదేరకపోతే మీ చేతిలో ఇంకా కొంత ఉంది. ఏజెంటుకు వాట్సాప్‌లో మామూలుగా ఒక మెసేజ్ పెట్టండి: ఫలానా తేదీన మీకు ఇంత ఇచ్చాను, ఫలానా కంపెనీ, ఇంత జీతం అన్నారు, వీసా ఎప్పుడు వస్తుంది? అతను "వస్తది, ఆగు" అని జవాబిచ్చినా చాలు, డబ్బు తీసుకున్నట్టు ఒక ఆధారం తయారవుతుంది. వాయిస్ మెసేజ్‌లు, కాల్ వివరాలు, డబ్బు ఇచ్చేటప్పుడు పక్కన ఉన్నవాళ్ల పేర్లు, బ్యాంకు నుంచి డబ్బు తీసిన రోజు స్టేట్‌మెంటు, అన్నీ దాచండి. కోపంలో నంబర్ బ్లాక్ చేసి చాట్ డిలీట్ చేసినవాళ్లు తర్వాత చాలా బాధపడతారు.

పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఉంటే వెనక్కి అడగండి. అది ప్రభుత్వ ఆస్తి, డబ్బు కోసం దాన్ని పట్టుకుని ఉండే హక్కు ఎవరికీ లేదు. ఇవ్వకపోతే ఆ ఒక్క విషయం మీదే పోలీసు ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఫిర్యాదు మీ పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. భారతీయ న్యాయ సంహితలో మోసం సెక్షన్ 318, దానితోపాటు లైసెన్సు లేకుండా మనుషులను పంపినందుకు ఎమిగ్రేషన్ చట్టం కూడా వర్తిస్తుంది. కాబట్టి ఫిర్యాదులో "లైసెన్సు లేదు" అన్న మాట తప్పకుండా రాయండి. దాని నకలును హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి కూడా పంపండి. కేసు పెట్టగానే ఏజెంటు పెద్దమనుషులను వెంటబెట్టుకుని రాజీకి రావడం మామూలే. సగం డబ్బు ఇస్తాను, కేసు వాపసు తీసుకోండి అంటాడు. తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ అవసరం మీకు తెలుసు. ఒక్కటి మాత్రం చూసుకోండి: డబ్బు చేతికి వచ్చాకే సంతకం. "వచ్చే నెల ఇస్తా" అన్న మాట మీద రాజీ కాగితం రాసిచ్చినవాళ్లకు ఆ వచ్చే నెల రాలేదు.

ఇంట్లో మనిషి ఇప్పటికే అక్కడ ఇరుక్కుని ఉంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ madad.gov.in లో ఇక్కడి నుంచే మీరు ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800-11-3090. ఫోన్ చేసేటప్పుడు పాస్‌పోర్టు నంబర్, అక్కడి ఫోన్ నంబర్, ఉంటున్న రూము లొకేషన్ దగ్గర పెట్టుకోండి. పోయే ముందే పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు నకళ్లు ఇంట్లో ఒక సెట్ పెట్టి వెళ్లమని అందరికీ చెప్పేది ఇందుకే.

ప్రజావాణికి వచ్చిన ఆ తల్లీకొడుకు దగ్గర రశీదు లేదని చెప్పాను కదా. ఆ అబ్బాయి ఫోన్‌లో పాత వాయిస్ మెసేజ్ ఒకటి దొరికింది. "మిగిలిన లక్ష ముట్టింది, రేపు టికెట్ పంపుతా" అని ఏజెంటు గొంతు. దాన్ని ఫిర్యాదుకు జతచేయించి స్టేషన్‌కు పంపించాం. కేసు నమోదైంది, డబ్బు ఇంకా రాలేదు. తల్లి మాత్రం ప్రతి నెలా మిత్తి కట్టిన రోజున నోటు వెనక తేదీ రాయించుకుంటోంది.

మీరు మా కార్యాలయానికి వచ్చేటప్పుడు ఏజెంటు కార్డు, పాస్‌పోర్టు నకలు, వీసా కాగితం ఉన్న ఫోన్ తెచ్చుకోండి. లైసెన్సు ఉందో లేదో అక్కడే సైటులో చూసి చెప్తాం. దీనికి రుసుము లేదు. డబ్బు కట్టాక కాకుండా, కట్టే ముందు వస్తే ఇంకా మంచిది.